పొద్దు గూకినా ఆగని పంపు

తలకు తువ్వాలు చుట్టుకుని ప్రవళిక ఆఫీసు గది గుమ్మంలో నిలబడగానే రత్నమాలకు సంగతి అర్థమైపోయింది. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఆ పిల్ల పొద్దున్నే అలా వచ్చి నిలబడటం అలవాటైపోయింది.

"ఆంటీ, ఇవాళ కూడా అంతే. వేడి ట్యాప్ తిప్పితే పేరుకి గోరువెచ్చగా వస్తున్నాయి. తలకి షాంపూ పెట్టుకుని గజగజలాడుతూ నిలబడ్డాను."

"సాయంత్రం చేసేవాళ్ళు బాగా కాలుతున్నాయంటున్నారమ్మా."

"నాకు పొద్దున ఏడింటికి క్యాబ్. సాయంత్రం స్నానం చేసి పొద్దున్నే అలాగే వెళ్ళమంటారా?"

రత్నమాల నవ్వి ఊరుకుంది గాని, ఆమెకు లోపల చిరాగ్గానే ఉంది. గోపన్‌పల్లిలో ఆ లేడీస్ హాస్టల్ నడిపే బాధ్యత ఆమెది. యజమాని ఎప్పుడో గాని రారు. నాలుగంతస్తుల నిండా ఉన్న ఆడపిల్లలందరూ ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్ళే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కీ, గచ్చిబౌలికీ, హైటెక్ సిటీకీ పొద్దున్నే పరుగులు పెడతారు. ఉప్మాలో ఉప్పు తగ్గితే సర్దుకుంటారు, వైఫై పోతే తిట్టుకుంటారు. చలికాలం పొద్దున వేడినీళ్ళు లేకపోతే మాత్రం హాస్టలే మారిపోతారు.

భర్త పోయాక తణుకు నుంచి కూకట్‌పల్లి వచ్చి ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేసింది రత్నమాల. ఆ కాలేజీ మూతపడ్డాకే ఈ ఉద్యోగంలో చేరింది. ల్యాబ్ అలవాట్లు ఇంకా పోలేదు. ఏదైనా చెడిపోతే ముందు దాని దగ్గరికి వెళ్ళి కళ్ళతో చూసి వస్తే తప్ప ఆమెకు తోచదు. అందుకే ప్రవళిక వెళ్ళగానే శాలువా కప్పుకుని మేడ ఎక్కింది.

మేడ మీద ఇనప స్తంభాలు పాతి, వాటి మీద సోలార్ ప్యానెళ్ళు వరసగా పరిచారు. కింద నీడలో, సిమెంటు దిమ్మె మీద రెండు వేల లీటర్ల వేడినీళ్ళ ట్యాంకు పడుకుని ఉంటుంది. ఇళ్ళ మీద కనిపించే చిన్న సోలార్లలో ట్యాంకు ప్యానెల్ కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి వేడెక్కిన నీళ్ళు తేలిక పడి వాటంతటవే పైకెక్కుతాయి. ఇక్కడ ట్యాంకు కిందా ప్యానెళ్ళు పైనా ఉండేసరికి నీళ్ళను తిప్పడానికి చిన్న పంపు పెట్టారు. ఆ పంపు ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది మెట్ల గది గోడకున్న పెట్టె. దాని నుంచి బయల్దేరిన రెండు సన్నటి వైర్లలో ఒకదాని కొస ప్యానెళ్ళ పైభాగంలో, రెండోదాని కొస ట్యాంకు అడుగున ఉంటాయి. పెట్టె ఆ రెండు చోట్లా వేడి ఎంతుందో చూస్తూ ఉంటుంది. పైన ఎనిమిది డిగ్రీలు ఎక్కువుంటే పంపు వేస్తుంది. ఆ తేడా నాలుగుకి పడిపోతే ఆపేస్తుంది.

పెట్టె ముందున్న చిన్న అద్దం మీద రెండు అంకెలు వెలుగుతున్నాయి. పై అంకె ప్యానెళ్ళది, కింది అంకె ట్యాంకుది. కింద పదహారు అని ఉంది.

పదహారంటే చన్నీళ్ళే. నిన్న సాయంత్రం అంతమంది స్నానాలు చేసినా కాలుతూ వచ్చిన నీళ్ళు తెల్లారేసరికి పదహారుకి ఎలా దిగాయి? ట్యాంకు చుట్టూ మందంగా దూది పొర, దాని మీద రేకు ఉన్నాయి. రాత్రంతా ఉన్నా రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గకూడదు. తగ్గిందంటే ఎవరో వేడినీళ్ళన్నీ వాడేశారు, వాటి స్థానంలో చన్నీళ్ళు వచ్చి చేరాయి. ఇంకో దారి ఆమెకు తోచలేదు.

సోలార్ పని చూసే తిరుపతికి ఫోన్ చేసింది. ఆయనది కరీంనగర్ వైపు. కూకట్‌పల్లిలో ఉంటూ ఈ చుట్టుపక్కల హాస్టళ్ళన్నీ చూసుకుంటాడు.

"మధ్యాహ్నం పంపు నడుస్తున్నదా మేడమ్?" అని అడిగాడు.

"నిక్షేపంగా నడుస్తోందండీ. రోజూ వింటూనే ఉన్నా."

"నడుస్తుంటే సిస్టం మంచిగనే ఉన్నట్టు. వాడకం ఎక్కువైతున్నదేమో జర చూడండి."

వాడకం. ఆ మాట ఆమె మనసులో గుచ్చుకుని ఉండిపోయింది.

*

రెండ్రోజుల తర్వాత సాయంత్రం దీపాలు పెట్టే వేళ రత్నమాల వెనక వరండాలోకి వచ్చేసరికి వంటమనిషి ఈరమ్మ పెరటి గేటు తీస్తూ కనిపించింది. రెండు చేతుల్లో రెండు బకెట్లున్నాయి, వాటి మీంచి ఆవిరి లేస్తోంది.

ఈరమ్మది నారాయణపేట దగ్గర ఊరు. నాలుగేళ్ళుగా ఈ హాస్టల్లోనే వంట చేస్తోంది. పక్క సందులో చిన్న గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉంటుంది. తెల్లవారుజామున వచ్చి పొయ్యి వెలిగిస్తే రాత్రి భోజనాలయ్యాకే ఇంటికి పోతుంది. ఇన్నేళ్ళలో ఒక పూట నాగా పెట్టి ఎరగదు. ఆమె చేతి చింతపండు పచ్చడి కోసం హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళిపోయిన పిల్లలు కూడా అప్పుడప్పుడూ వచ్చిపోతారు.

"ఎక్కడికి ఈరమ్మా ఆ నీళ్ళు?"

ఈరమ్మ ఉలిక్కిపడింది. బకెట్లు కింద పెట్టి చెంగుతో చేతులు తుడుచుకుంది. గోడ అవతల కొత్త అపార్ట్‌మెంటు లేస్తోంది. అక్కడి రేకుల షెడ్లలో కూలీలుంటారు. ఆమె అటు చూసి, మళ్ళీ నేల చూసింది.

"షెడ్డుల ఒక బాలింత ఉన్నదమ్మా, వసంత అని. పచ్చిబాలింత. సంటిపిల్లకు నీళ్ళు పొయ్యనీకి ఆడ ఏం లేదు. రోజు పొద్దుమూకి రెండు బకెట్లు నేనే తీస్కపోయి ఇస్తున్న."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కాన్పయినప్పట్నించి. దీపావళి ఎల్లినంక కాన్పయింది."

అంటే చలి మొదలైన దగ్గర్నుంచీ. ఫిర్యాదులు మొదలైందీ అప్పుడే. ప్రవళికా, ఇంకో ఇద్దరు పిల్లలూ టీ కప్పులతో అప్పుడే వరండాలోకి వచ్చారు. వాళ్ళను చూడగానే రత్నమాలకు పొద్దుటి మాటలన్నీ గుర్తొచ్చాయి.

"ఇదిగో, మీ వేడినీళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూడండి," అంది. అనాలని ముందుగా అనుకున్న మాట కాదది, అలా నోట్లోంచి వచ్చేసింది. "చలిలో వీళ్ళు వణుక్కుంటూ ఆఫీసులకి పోతున్నారు ఈరమ్మా. ఒక్కమాట నాతో చెప్పాలని తోచలేదా నీకు?"

ఒకమ్మాయి ఇబ్బందిగా ఫోన్ చూసుకుంది.

ఈరమ్మ వాదించి ఉంటే బాగుండేదేమో. ఆమె తల వంచుకుని, "నిజమేనమ్మా. నా వల్లనే పిల్లలకు సల్లనీళ్ళయితున్నయి. తప్పయింది," అంది. బకెట్లు రెండూ మోరీలో వంచేసి వంటగదిలోకి పోయింది. నీళ్ళు పోయిన చోట గచ్చు మీద కాసేపు పొగలాగా ఆవిరి ఆడింది.

ఆ రాత్రి వంటగదిలోని వేడినీళ్ళ ట్యాప్‌కి రత్నమాల తాళం వేయించింది. భోజనాల దగ్గర ఈరమ్మ ఎప్పటిలాగే వడ్డించింది. మర్నాడు పనిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే, "నాకు మనసున పడతలేదమ్మా. ఇంకెవరినన్న సూస్కోండి," అని చెప్పి పెట్టేసింది.

*

ఈరమ్మ వెళ్ళిపోయింది, ట్యాప్‌కి తాళం పడింది, భోజనం బయటి క్యాటరింగ్ వాళ్ళు తెచ్చి ఇస్తున్నారు. హాస్టల్లో గిన్నెలు కడగడానికి కూడా వేడినీళ్ళు ఎవరూ వాడటం లేదు. అయినా పొద్దున ప్రవళిక తువ్వాలుతో మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

"ఆంటీ, నీళ్ళు..."

ఇక చెప్పక్కర్లేదన్నట్టు రత్నమాల చెయ్యి ఊపింది. ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు. ల్యాబ్‌లో పిల్లలకు ఆమె వందసార్లు చెప్పిన మాట ఒకటుంది: కారణం అనుకున్నదాన్ని తీసేసినా ఫలితం మారలేదంటే అది కారణం కాదు. ఇక్కడ కారణం అనుకున్న మనిషినే తీసేసింది తను. నీళ్ళు మారలేదు.

పైగా రెండు బకెట్లు. రెండు వేల లీటర్లలో రెండు బకెట్లు. ఒక పిల్ల తలస్నానానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈ లెక్క ఆ రోజు వరండాలో తనకెందుకు తట్టలేదు? ఈరమ్మ ఒప్పేసుకుంది కాబట్టి తట్టలేదు. ఒప్పుకున్న మనిషిని పట్టుకుని ఇంకా లెక్కలెవరు వేస్తారు?

సాయంత్రం బట్టలు తీసుకురావడానికి మేడ ఎక్కింది. అప్పటికే పొద్దు గూకింది. పడమటి వైపు ఆకాశహర్మ్యాల మధ్య ఎర్రటి చార ఒకటి మిగిలింది, అద్దాల భవనాల్లో ఒక్కో అంతస్తూ వెలుగుతోంది. చలిగాలి కొడుతోంది. తీగ మీది దుప్పటి లాగుతుంటే ఎక్కడి నుంచో సన్నగా జుమ్మంటూ చప్పుడు వినిపించింది. తుమ్మెద గొంతులాంటి చప్పుడు. పగలు కింద వీధి రొద ఉంటుంది గనుక చెవి పెడితే గాని వినపడేది కాదు.

పంపు తిరుగుతోంది.

ఆమె దుప్పటి భుజాన వేసుకుని పెట్టె దగ్గరికి వెళ్ళింది. ప్యానెల్ నలభై ఆరు. ట్యాంకు ఇరవై రెండు.

చాలాసేపు ఆ రెండు అంకెల్నీ చూస్తూ నిలబడింది. సూర్యుడు పోయాడు. ప్యానెళ్ళ అద్దాల మీద మంచు పట్టబోతోంది. మరి పైన నలభై ఆరు ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్యానెళ్ళలోంచి ట్యాంకుకి దిగే గొట్టం పట్టుకుంది. వేడి. ట్యాంకులోంచి పైకెక్కే గొట్టం పట్టుకుంది. అదీ వేడే. ఇంకాస్త వేడేమో కూడా. ఎండున్నప్పుడు దిగే గొట్టం ఎక్కువ కాలాలి. ఇప్పుడు ఎక్కే గొట్టంలోనే వేడి ఎక్కువుంది.

కిందికి దిగి తన గదిలోని ట్రంకు పెట్టె వెతికి, కాలేజీ మూసేసేటప్పుడు తెచ్చుకున్న థర్మామీటరు పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది. వేడి ట్యాప్ తిప్పి కాసేపు వదిలేసి, మగ్గులో నీళ్ళు పట్టి అందులో ముంచింది. నలభై ఎనిమిది.

ట్యాంకులోంచి వచ్చే నీళ్ళు నలభై ఎనిమిది. పెట్టె ఆ ట్యాంకునే ఇరవై రెండు అంటోంది. ఇరవై రెండంటే ఈ సాయంత్రం మేడ మీది గాలి.

రత్నమాల మగ్గు కింద పెట్టి గోడకు ఆనుకుంది. మొన్న పొద్దున తను చూసిన పదహారు కూడా గాలిదే. ఆ అంకెను పట్టుకునే, ట్యాంకు ఖాళీ అయిందని తేల్చేసింది. ప్రవళిక మాత్రం అన్ని రోజులూ 'గోరువెచ్చగా' అనే చెప్పింది. పదహారు డిగ్రీల నీళ్ళు ఎవరికైనా గోరువెచ్చగా ఉంటాయా? ఆ పిల్ల చేతికి తగిలిన నిజం కన్నా అద్దంలో వెలిగే అంకె మీదే తనకు నమ్మకం కుదిరింది.

తిరుపతికి ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పింది.

"మేడమ్, ఇప్పుడు పంపు స్విచ్ ఆపెయ్యండి. పొద్దుగాల నీళ్ళెట్లున్నయో చూడండి. ఎండ ఎక్కంగనే మల్ల వెయ్యాలె, అది మాత్రం మర్చిపోవద్దు. నీళ్ళు తిరగకపోతే పైన ప్యానెల్ల ఉడికి ఆవిరైతయి. రేపు సాయంత్రం నేనొస్త."

ఆమె మళ్ళీ మేడ ఎక్కి స్విచ్ ఆపింది. జుమ్మనే చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ప్రవళిక గుమ్మంలోకి రాలేదు. క్యాబ్ ఎక్కబోతూ కిటికీలోంచి తొంగి చూసి, "ఆంటీ, చన్నీళ్ళు కలుపుకోవాల్సొచ్చింది ఇవాళ," అని నవ్వి వెళ్ళిపోయింది. రత్నమాల నవ్వలేకపోయింది. ఎండ ఎక్కగానే మేడ మీదికి వెళ్ళి పంపు స్విచ్ వేసింది.

*

తిరుపతి చెప్పినట్టే పొద్దు వాలుతుండగా వచ్చాడు. పెట్టె దగ్గర నిమిషం కూడా ఆగలేదు. నేరుగా ట్యాంకు వెనక్కి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి చూశాడు.

"ఇటు రండి మేడమ్."

ట్యాంకు అడుగున రేకుకి చిన్న రంధ్రం ఉంది. అందులో ఎవరో సిమెంటు సంచి ముక్క కుక్కారు. పక్కనే నల్లటి వైరు నేలకు జానెడు ఎత్తున వేలాడుతోంది. కొసన ఇత్తడి పుల్లలాంటి సెన్సర్ గాలికి అటూ ఇటూ ఊగుతోంది.

"ఇది లోపల గొట్టంల ఉండాలె. ఈడ ఎవరన్న పని చేసిన్రా?"

"దసరా తర్వాత మేడ కారుతుంటే కోటింగ్ వేయించాం. వాళ్ళేమో..."

"బ్రష్‌కి అడ్డమైందని గుంజి పడేసుంటరు. వాళ్ళకేం తెలుసు ఇదేందో." ఆయన వైరుకి పట్టిన తెల్లరంగు గోటితో గీకాడు. "సెన్సర్ చెడిపోలేదు మేడమ్. అది కరెక్టే చెప్తున్నది. కాకపోతే ట్యాంకు సంగతి కాదు, గాలి సంగతి చెప్తున్నది."

"ఒకటి చెప్పండి తిరుపతి గారూ. పగలు తిరగడం సరే. ఎండ పోయాక పైన ప్యానెల్ చల్లారిపోవాలి కదా, అప్పుడైనా ఎందుకు ఆగలేదు?"

"అదే తమాషా. ఎండ పోయేటప్పటికి పంపు నడుస్తనే ఉన్నది గద. ట్యాంకుల వేడినీళ్ళు పైకి పోతున్నయి. పైనున్న సెన్సర్‌కి ఆ నీళ్ళ వేడే తగులుతది. అది నలభై ఆరంటది, కింద గాలిల ఉన్నది ఇరవై రెండంటది. పెట్టె ఏం అనుకుంటది? పైన మస్తు ఎండున్నది, ట్యాంకు ఇంకా సల్లగున్నది, నీళ్ళు తిప్పాలె అనుకుంటది. తిప్పుతనే ఉంటది. రాత్రంత ట్యాంకుల వేడి తీస్కపోయి ఆకాశానికి ఇచ్చొస్తది."

ఆకాశానికి. రత్నమాల తల పైకెత్తి ప్యానెళ్ళను చూసింది. పగలంతా పోగుచేసిన వేడి ఇన్ని రాత్రులు ఎవరికీ ఉపయోగపడకుండా ఈ అద్దాల్లోంచి పైకి పోయింది. ఆ నీళ్ళలోంచి రెండు బకెట్లు ఒక పసిగుడ్డుకి పోతున్నాయని తను గొడవ చేసింది.

"నేను గూడ ఫోన్ల పంపు నడుస్తున్నదా అని అడిగి ఊకున్న," అన్నాడు తిరుపతి, రంధ్రంలోంచి సంచి ముక్క పీకుతూ. "పంపు ఎప్పుడు ఆగుతున్నదని అడగలె."

సెన్సర్ తుడిచి, వేడి బాగా అందడానికి తెల్లటి పేస్టు పూసి, రంధ్రంలోంచి లోపలి గొట్టంలోకి చివరిదాకా దోశాడు. దాని మీద రబ్బరు బిరడా బిగించి, వైరును ట్యాంకు కాలికి రెండు చోట్ల కట్టాడు. అప్పటికి ఎండ పూర్తిగా పోయింది. పంపు తిరుగుతూనే ఉంది.

"ఇగ పెట్టె చూడండి."

కింది అంకె ఇరవై మూడు దగ్గర కాసేపు తటపటాయించింది. ఇరవై ఐదయింది. ఇరవై తొమ్మిది. ముప్ఫై ఐదు. నలభై దాటింది. పైన నలభై ఆరు. కింద నలభై రెండు అనగానే పెట్టెలో టక్కుమని చిన్న చప్పుడైంది, పంపు ఆగిపోయింది. కింది అంకె ఇంకా మెల్లిగా పెరిగి నలభై ఏడు దగ్గర నిలిచింది. పై అంకె దిగడం మొదలుపెట్టింది. నలభై నాలుగు, నలభై ఒకటి, ముప్ఫై ఎనిమిది. ఇప్పుడు వేడినీళ్ళు అందక ప్యానెల్ అసలు తానెంత చల్లగా ఉందో చెబుతోంది.

"ఆగిన నీళ్ళు వాటంతటవి పైకెక్కవా?" అని అడిగింది.

"గొట్టంల వాల్వున్నది, వెనక్కి పోనియ్యదు. మల్ల పొద్దుగాల ఎండ తగిలి పైన ఎనిమిది డిగ్రీలు ఎక్కువైనంకనే పంపు లేస్తది. ఇగ ఫికర్ లేదు."

తిరుపతి సామాను సర్దుకుంటుంటే రత్నమాల అడిగింది. "రోజూ రెండు బకెట్లు ఎవరైనా పట్టుకెళ్తే ఈ ట్యాంకులో తేడా తెలుస్తుందా?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "రెండు బకెట్లా? ఏం తెలుస్తది మేడమ్."

*

ఆదివారం పొద్దున రత్నమాల ఈరమ్మ గదికి వెళ్ళింది. తాళం వేసి ఉంది. పక్కింటావిడ షెడ్ల వైపు చెయ్యి చూపించింది.

కట్టుబడి చోట పనివాళ్ళు లేరు. ఇటుకల మధ్య సెంట్రింగు చెక్కల మంట మీద నల్లటి డేగిసాలో నీళ్ళు కాగుతున్నాయి. రేకుల షెడ్డు ముందు, ఎండ తగిలే చోట, ఈరమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టిన పసిపిల్ల వీపు మీద నీళ్ళు పోస్తూ, రెండో చేత్తో నెమ్మదిగా రుద్దుతోంది. పిల్ల ఏడవడం లేదు. వాకిట్లో గోడకు ఆనుకుని తలకు గుడ్డ కట్టుకున్న సన్నటి అమ్మాయి కూర్చుని ఉంది. వసంత కాబోలు. రత్నమాలను చూసి లేవబోయింది.

"కూర్చోమ్మా, కూర్చో."

ఈరమ్మ ఓరగా ఒకసారి చూసింది. చెంబు ముంచి మళ్ళీ నీళ్ళు పోసింది.

రత్నమాల అక్కడే ఒక ఇటుకల దొంతి మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలా అని దారంతా ఆలోచించింది గాని, ఇప్పుడు ఒక్క మాటా గుర్తురాలేదు. సోలార్ సంగతి చెప్పింది. వైరు ఊడిపోయిన సంగతి, రాత్రంతా పంపు తిరిగిన సంగతి, నీళ్ళలోని వేడి ఎటు పోయిందో ఆ సంగతి.

"నీ బకెట్ల వల్ల కాదు ఈరమ్మా. నువ్వు పది బకెట్లు పట్టుకెళ్ళినా ఎవరికీ తెలిసేది కాదు."

ఈరమ్మ చెయ్యి కాసేపు ఆగింది.

"తెల్లారుజామున నేను గిన్నెలకు పట్టేటప్పుడే నీళ్ళు గోరెచ్చగుండెనమ్మా. పిల్లలింక లేవకముందే," అంది మెల్లిగా. "నేను పొద్దుమూకి తీసినందుకే గట్లయిందనుకున్న. రోజు అదే బుగులు. ఒక్కటే బకెట్ తీద్దమా అనుకున్న గాని, బాలింతకు సాలయి."

ట్యాంకు తెల్లారకముందే చల్లారిపోతోందని చూసిన మనిషి వంటగదిలోనే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. అడిగిందొక్కటే, ఆ నీళ్ళు ఎక్కడికని.

"నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదు, మొదట్లోనే?"

"చెప్తే వద్దంటరేమోనని. వద్దన్నంక తీస్తే దొంగతనమైతది. చెప్పక తీస్తే..." ఈరమ్మ నవ్వినట్టే అయింది. "అదీ దొంగతనమే అనుకో."

పిల్లను తిప్పి, పొడి గుడ్డలో చుట్టి వసంతకు అందించింది. వసంత ఒడిలోకి తీసుకుని సాంబ్రాణి పొగ దగ్గరికి జరిగింది. ఈరమ్మ తడి చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ లేచి నిలబడింది.

"తప్పు నాది ఈరమ్మా. రేపట్నుంచి పనిలోకి రా."

ఈరమ్మ డేగిసా కింద మండుతున్న చెక్కను బయటికి లాగి ఇసకలో గుచ్చింది.

"అమ్మా, మీరన్నదానికి నాకు బాధ లేదు. పిల్లల ముందట అన్నరు. వాళ్ళకు నాలుగేండ్ల నుంచి బువ్వ పెడుతున్న. దొంగముండ పెట్టిన బువ్వ అని ఒక్క పిల్ల మనసుల అనుకున్నా, నేను ఆడ నిలబడి వడ్డించలేను."

"ఎవరూ అలా అనుకోరు."

"మీరెట్ల చెప్తరు? వాళ్ళ మనసుల దూరి చూసిన్రా?"

గోడ అవతలి నుంచి హాస్టల్లో ఎవరో పాట పెట్టుకున్నది వినపడుతోంది. రత్నమాల అటు చూసి, "పిల్లల ముందే అన్నాను. వాళ్ళ ముందే చెబుతాను. నువ్వు కూడా ఉండాలి," అంది.

"నేనెందుకు?"

"నువ్వు లేకుండా చెబితే చాటుగా చెప్పినట్టుంటుంది."

ఈరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. వచ్చినప్పటి నుంచి నేరుగా చూడటం అదే మొదలు.

"మరి వసంతకు నీళ్ళు?"

"పట్టుకెళ్ళు. యజమాని గారితో నేను మాట్లాడతాను. ఆయన కాదంటే అప్పుడు చూద్దాం. ఈ పొగలో, చెక్కల మీద ఎన్నాళ్ళు కాస్తావు?"

*

సోమవారం పొద్దున భోజనాల గది నిండా పిల్లలు. సగం మంది నిలబడే తింటున్నారు, కొందరి మెళ్ళో అప్పుడే ఐడీ కార్డులు వేలాడుతున్నాయి. ఈరమ్మ గరిటె పట్టుకుని ఉప్మా గిన్నె వెనక నిలబడి ఉంది.

రత్నమాల గొంతు సవరించుకుంది. ల్యాబ్‌లో వందమంది ముందు మాట్లాడిన మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒక్క నిమిషం వినండమ్మా. మొన్న వరండాలో మీలో కొంతమంది ముందు ఈరమ్మని ఒక మాటన్నాను. మీ వేడినీళ్ళు తను పట్టుకుపోతోందని. అది తప్పు. మేడ మీద ఒక సెన్సర్ ఊడిపోయి నీళ్ళు రాత్రంతా చల్లారిపోయాయి. చూసుకోవాల్సింది నేను. చూసుకోకుండా ఆమెనన్నాను."

విషయమే తెలియని పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వరండాలో ఆ రోజు ఫోన్ చూసుకున్న అమ్మాయి తల దించుకుంది.

ప్రవళిక ప్లేటు పట్టుకుని ముందుకొచ్చింది. ఏదో అనాలనే వచ్చినట్టుంది గాని, ఈరమ్మ ఎదురుగా నిలబడేసరికి ఆ మాట మారిపోయింది.

"మొన్నట్నుంచి ఆ క్యాటరింగ్ ఇడ్లీలు రాళ్ళలా ఉన్నాయి ఈరమ్మా," అంది.

ఈరమ్మ ఆమె ప్లేటులో ఉప్మా పెట్టింది. మరి కాస్త పెట్టింది. కళ్ళెత్తకుండానే, "సట్నీ ఎంతెయ్యాలె?" అని అడిగింది.